సంచికకి వచ్చిన వ్యాసంలో ఏఐ జాడలు ఎలా పట్టాలి

బెంగళూరులో తెలుగు సంఘాలూ, పెద్ద అపార్ట్‌మెంట్లలోని తెలుగు బృందాలూ ఉగాదికి ఓ సంచిక వేయడం మామూలే. సంపాదకత్వం ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. పగలంతా ఆఫీసు, రాత్రి భోజనాలయ్యాక వ్యాసాలు. ఇప్పుడు వచ్చేవాటిలో తప్పులు తక్కువ, అందం ఎక్కువ. కానీ నాలుగు చదివేసరికి అన్నీ ఒకే చేతి రాతలా అనిపిస్తాయి. ఆ అనుమానాన్ని అనుమానంగా వదిలేయకుండా, కాగితం మీద గుర్తులు పెట్టి తేల్చుకోవడం ఎలాగో చెప్పేదే ఇది. కావలసినవి ఓ పెన్సిలు, ఒక్కో వ్యాసానికి పావుగంట.

మొదటి పని, చదవకుండా చూడడం. వ్యాసాన్ని పీడీఎఫ్‌గా కాకుండా, రాసినవాళ్లు పంపిన ఫైలుగానో వాట్సాప్ మెసేజ్‌గానో యథాతథంగా తీసుకోండి. అందులో ** అనీ ## అనీ వెతకండి. ఇవి మార్క్‌డౌన్ గుర్తులు. 2004లో జాన్ గ్రూబర్ అనే ఆయన వెబ్‌లో రాసేవాళ్ల సౌకర్యానికి తయారు చేసిన పద్ధతి అది. మాటకి అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు పెడితే బోల్డు, ముందు ## పెడితే శీర్షిక. ఏఐ చాట్ పరికరాలు జవాబులని ఈ గుర్తులతోనే ఇస్తాయి. వాటి తెర మీద గుర్తులు మాయమై బోల్డుగా, శీర్షికగా కనిపిస్తాయి గానీ, కాపీ చేసి వేరేచోట అతికిస్తే ఒక్కోసారి నక్షత్రాలు అలాగే మిగిలిపోతాయి. వాట్సాప్‌లో బోల్డుకి ఒక్కో నక్షత్రం చాలు. రెండేసి నక్షత్రాలు పెట్టి తెలుగు టైపు చేసే పెద్దమ్మలు ఎక్కడా ఉండరు. కాబట్టి ఇది గట్టి గుర్తే. అయితే ఇది చెప్పేది ఒక్కటే, ఆ పాఠం ఏదో పరికరం గుండా వచ్చిందని. అచ్చుతప్పులు దిద్దించుకోడానికి పెట్టారా, మొత్తం రాయించుకున్నారా అన్నది దీనివల్ల తేలదు.

ఇక ఆ అలంకారాలు ఒలిచేయండి. నోట్‌ప్యాడ్‌లో అతికించి, శీర్షికలు తీసేసి, చుక్కల జాబితాల్లో చుక్కలు తీసేసి, మొత్తాన్ని ఒకే పేరాగా కలిపి పైకి చదవండి. మనిషి ఆలోచించి రాసిందైతే శీర్షిక తీసినా వాక్యం వాక్యానికి అతుక్కుంటుంది, కొంచెం ఊపిరాడనట్టు ఉంటుందంతే. అతుకు శీర్షికలోనే ఉన్న వ్యాసమైతే ముక్కలుముక్కలుగా రాలిపోతుంది. తర్వాత జాబితాలో రెండో అంశాన్నీ నాలుగో అంశాన్నీ తారుమారు చేయండి. ఏమీ తేడా రాకపోతే అక్కడ ఆలోచన ఒక అడుగు నుంచి ఇంకో అడుగుకి నడవలేదని అర్థం. పక్కపక్కన పేర్చారు, అంతే.

జాబితా ఉండటమే తప్పు కాదు. పులిహోరకి కావలసిన దినుసులు, చందాదారుల పేర్లు, కాచిగూడ రైలు వేళలు జాబితాలోనే ఉండాలి. అనుమానించాల్సింది ఒకే అచ్చులో పోసిన జాబితాని. ప్రతి అంశానికీ ముందు బోల్డులో ఓ మాట, దాని వెనక రెండు చుక్కలు, ఆ వెనక ఇంచుమించు అదే పొడవున ఒక వాక్యం. మనుషులు రాసే జాబితాలు ఇలా ఉండవు. బాగా తెలిసిన అంశం దగ్గర నాలుగు లైన్లు సాగుతాయి, తెలియనిది ఒక్క మాటతో సరి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘ఉపోద్ఘాతం’, ‘ముగింపు’ అని శీర్షికలు పెట్టి రాయడం మన బడుల్లో వ్యాసరచనకి నేర్పించిన పద్ధతే. యాభై దాటినవాళ్లు చాలామంది ఇప్పటికీ అలాగే రాస్తారు. ఆ రెండు శీర్షికలు చూసి ఎవరినీ అనుమానించకండి. బడి వ్యాసానికి శీర్షికలు ఉంటాయి గానీ లోపల పేరాలు పొడుగ్గా, కాస్త వంకరటింకరగా ఉంటాయి.

రెండో పని అతుకులు చూడటం. తెలుగులో ఎక్కువ తేడా తెలిసేది ఇక్కడే. ఇంగ్లీషులో వాక్యాన్ని వాక్యానికి కలపాలంటే తరచు ముందు ఒక మాట పెట్టాలి. మనకి ఆ పని చాలావరకు క్రియ తోకే చేసేస్తుంది. ‘వెళ్లి’, ‘దొరక్క’, ‘అడిగితే’, ‘వచ్చేసరికి’ అంటే చాలు, ముందుదీ వెనకదీ ముడిపడిపోతాయి. ఈ రెండూ చూడండి.

> వేపపువ్వు బజార్లో దొరక్క, పక్క వీధిలో చెట్టు దగ్గరికెళ్లి కోసుకొచ్చేసరికి ఇక్కడ పచ్చడి కలిపేశారు.

> వేపపువ్వు మార్కెట్‌లో లభించలేదు. అందువల్ల, దానిని సమీపంలోని చెట్టు నుండి సేకరించడం జరిగింది. అయితే, అప్పటికే పచ్చడి తయారు చేయబడింది.

రెండో దాంట్లో వ్యాకరణం తప్పేమీ లేదు. కానీ ప్రతి వాక్యమూ తలుపు మూసేసుకుంటుంది, తర్వాతి వాక్యం గుమ్మం బయట నిలబడి తలుపు తట్టాల్సి వస్తుంది. ఆ తట్టే చప్పుళ్లే ‘అంతేకాకుండా’, ‘అదనంగా’, ‘మరోవైపు’, ‘ఫలితంగా’, ‘మొత్తంమీద’. వాటి వెనక కామా ఉందేమో కూడా చూడండి. ‘అందువల్ల’ అన్నాక తెలుగులో ఆగం. ఆ కామా ఇంగ్లీషు నుంచి వచ్చిన చుట్టం.

పెన్సిలుతో చేయాల్సింది ఇది. ప్రతి వాక్యంలోనూ మొదటి మాట చుట్టూ గీత గీయండి. గీసినవాటిలో కలిపే మాటలు ఎన్నో చూడండి. పది వాక్యాల్లో రెండుంటే మామూలు. అయిదారు ఉంటే ఆగి, ఆ మాటలన్నీ కొట్టేసి మళ్లీ చదవండి. నిజంగా ఎదురు తిరిగే చోట పెట్టిన ‘అయితే’ని కొట్టేస్తే అర్థం దెబ్బతింటుంది, వెంటనే తెలుస్తుంది. అన్నీ కొట్టేసినా ఏ లోటూ కనబడకపోతే అవి అతుకులు కావు, అతుకుల్లా వేసిన రంగు.

‘మరియు’ సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. మాటల్లో ఎవరూ ‘మరియు’ అనరు. ‘ఉప్పూ కారమూ’ అంటాం, చివర అచ్చు సాగదీస్తాం. మూడు పేర్లు చెప్పి మూడోదాని ముందు మాత్రమే ‘మరియు’ పెట్టడం ఇంగ్లీషు వరస. కానీ ప్రభుత్వ ప్రకటనలూ బ్యాంకు కాగితాలూ ఏఐ రాకముందు నుంచీ ఇలాగే ఉన్నాయి, ‘చేయబడింది’, ‘జరిగింది’ కూడా అక్కడి నుంచి వచ్చినవే. బ్యాంకులో పనిచేసి రిటైరైనాయన వ్యాసంలో ఇవి ఉంటే అది ఆయన ఉద్యోగం తాలూకు మచ్చ, అంతే.

మూడో పని మాటలు లెక్కపెట్టడం. ఏ మాటలు అన్నదానికి ఒక దారి ఇంగ్లీషు వైపు నుంచి దొరుకుతుంది. వైద్య పరిశోధనా పత్రాల సారాంశాలు కోటిన్నర పైచిలుకు తీసుకుని, 2010 నుంచి 2024 దాకా ఏ మాటల వాడకం ఎప్పుడు ఎంత పెరిగిందో లెక్కగట్టారు డిమిత్రీ కోబాక్, ఆయన సహచరులు. ఆ పత్రం 2025లో ‘సైన్స్ అడ్వాన్సెస్’లో వచ్చింది. 2024 సారాంశాల్లో కనీసం 13.5 శాతం ఏఐ చేయి పడినవని వాళ్ల అంచనా. మనకి పనికొచ్చేది ఆ అంకె కాదు. కోవిడ్ రోజుల్లో ఉన్నట్టుండి పెరిగినవి రోగానికి, దాని చుట్టుపక్కల విషయాలకి చెందిన నామవాచకాలు. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చాక పెరిగినవి క్రియలూ విశేషణాలూ, ‘డెల్వ్’ లాంటివి. లోకంలో కొత్త సంగతి వస్తే కొత్త పేర్లు పెరుగుతాయి. రాసే పరికరం మారితే, ఏ సంగతికైనా అంటించగల మాటలు పెరుగుతాయి. తెలుగులో కూడా వెతకాల్సింది ఆ అంటుడు మాటల కోసమే.

తెలుగులో అవి ఎలా ఉంటాయంటే, ఏదైనా సరే ‘కీలక పాత్ర పోషిస్తుంది’. ఏదైనా ‘కేవలం’ అదే కాదు, ఇంకేదో కూడా. ప్రతిదీ దేనికో ‘నిదర్శనం’, దేనికో ‘ప్రతీక’, రెంటి ‘సమ్మేళనం’, తరాల మధ్య ‘వారధి’. అన్నీ ‘ప్రాముఖ్యతను సంతరించుకుంటాయి’. (ప్రాముఖ్యం అంటే సరిపోతుంది, ఆ ‘త’ వృథా అని వ్యాకరణం పట్టింపున్నవాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు, అది వేరే గొడవ.) కాలం ఎప్పుడూ ‘నేటి ఆధునిక యుగమే’.

వ్యాసాలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటే, బెంగళూరు కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరికి లినక్స్ తెలిసే ఉంటుంది కాబట్టి, లెక్క ఇలా తీయొచ్చు.

```
export LC_ALL=C
grep -oE "కీలక|కేవలం|నిదర్శన|ప్రతీక|అంతేకా|మరియు|ప్రాముఖ్య|వారధి" vyasam.txt | sort | uniq -c | sort -rn
```

మాట మొత్తం కాకుండా మొదలు మాత్రమే ఇవ్వడానికి కారణం ఉంది. తెలుగులో విభక్తులు మాటకి అంటుకుంటాయి. ‘నిదర్శనం’ అని వెతికితే ‘నిదర్శనంగా’ దొరుకుతుంది గానీ ‘నిదర్శనమై’ తప్పించుకుంటుంది. ‘అంతేకా’ అని ఇస్తే ‘అంతేకాదు’, ‘అంతేకాకుండా’ రెండూ వలలో పడతాయి. ‘అంతే కాకుండా’ అని విడదీసి రాస్తే మాత్రం అదీ జారిపోతుంది. మొదటి వరస వదిలేస్తే కొన్ని కంప్యూటర్లలో తెలుగు మాటలన్నీ ఒకటేనని కలిపేసి లెక్క తప్పుగా చూపిస్తుంది.

వచ్చిన అంకెని మొత్తం మాటల సంఖ్యతో పోల్చి చూడాలి. వెయ్యి మాటల వ్యాసంలో ‘కీలక’ రెండుసార్లు వస్తే ఏమీ కాదు, అది మన దినపత్రికలు అరగదీసిన మాటే. పది రకాల అంటుడు మాటలు ఒకే పేరాలో గుంపుగా కూర్చుంటే అప్పుడు చూడాలి. ఒక్క మాట పట్టుకుని తీర్పు చెప్పకండి.

ఇప్పుడు ఒక మచ్చుతునక మీద చేసి చూద్దాం. ఇలాంటిది వచ్చిందనుకోండి.

> ఉగాది పచ్చడి: ఆరు రుచుల అద్భుత సమ్మేళనం
>
> తెలుగువారి సంస్కృతిలో ఉగాది పచ్చడి కీలక పాత్ర పోషిస్తుంది. ఇది కేవలం ఒక వంటకం మాత్రమే కాదు, జీవిత సత్యాలకు నిదర్శనం. అంతేకాకుండా, ఇది మన ఆరోగ్యాన్ని మరియు ఐక్యతను పెంపొందిస్తుంది. నేటి ఆధునిక యుగంలో బెంగళూరు వంటి మహానగరాల్లో ఈ సంప్రదాయం మరింత ప్రాముఖ్యతను సంతరించుకుంది.
>
> • వేపపువ్వు: జీవితంలోని చేదు అనుభవాలకు ప్రతీక
> • బెల్లం: జీవితంలోని తీపి జ్ఞాపకాలకు ప్రతీక
> • చింతపండు: జీవితంలోని సవాళ్లకు ప్రతీక
>
> ముగింపుగా, ఉగాది పచ్చడి మన గొప్ప వారసత్వాన్ని భావితరాలకు అందించే వారధి.

శీర్షికతో కలిపి 63 మాటలు. అంటుడు మాటలూ అతుకు మాటలూ లెక్కపెడితే, ‘అద్భుత సమ్మేళనం’ నుంచి ‘వారధి’ దాకా, జాబితాలో మూడుసార్లు వచ్చిన ‘ప్రతీక’ని వదిలేసినా, పది చోట్ల గీత పడుతుంది. అయిదు వాక్యాల్లో రెండు అతుకు మాటతో మొదలయ్యాయి, రెంటి వెనకా కామా ఉంది. శీర్షికలో రెండు చుక్కలు, జాబితాలో రెండు చుక్కలు. ఇవన్నీ పెన్సిలు గుర్తులే.

అసలు గుర్తు వేరే ఉంది. శీర్షిక ఆరు రుచులంది, జాబితా మూడింటితో ఆగిపోయింది. వగరుకి మామిడి ఏది? ఉప్పేది, కారమేది? మూడేసి అంశాలుగా చెప్పడం ఏఐకి బాగా అలవాటు. పచ్చడి కలిపిన చెయ్యి ఎవరిదైనా ఆరు రాసేది, లేకపోతే ‘వగరు సంగతి సరే, ఈసారి మామిడి పుల్లగా లేదు’ అని దారి తప్పేది. ఇంకో చిన్న పరీక్ష, ‘బెంగళూరు’ తీసేసి ‘డల్లాస్’ అని పెట్టండి. మిగతా వ్యాసంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఊరి పేరుంది గానీ ఊరు లేదు. ఈ ఊరు మార్చే పరీక్ష, మాటల లెక్క కంటే నమ్మకమైనది.

చాలామంది సంపాదకులు ఇక్కడే పొరపాటు చేస్తారు. గీత పడిన మాటలకి పర్యాయపదాలు వేసి దిద్దేశామనుకుంటారు. ‘కీలక పాత్ర’ బదులు ‘ముఖ్య పాత్ర’, ‘అంతేకాకుండా’ బదులు ‘ఇంకా’. చుక్కలు తీసి పేరా చేస్తారు. అప్పుడు గుర్తులు పోతాయి, ఖాళీ అలాగే ఉంటుంది. చెప్పడానికి సంగతి లేని చోటే ఆ మాటలు వచ్చి కూర్చున్నాయి. కాబట్టి సంగతి తేవాలి, అది రాసినావిడ దగ్గరే ఉంటుంది.

ఫోన్ చేయండి. ‘ఇది ఏఐతో రాయించారా అండీ’ అని మాత్రం అడగకండి. దానికి మంచి కారణముంది. ఈ గుర్తులేవీ రుజువులు కావు. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్ఏఐ వాళ్లే, ఏది ఏఐ రాసిందో పట్టే పరికరాన్ని 2023 జనవరిలో పెట్టి, సరిగ్గా పట్టడం లేదని అదే ఏడాది జూలైలో తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకి రాసిన 91 వ్యాసాలని ఇలాంటి ఏడు పరికరాలకి ఇచ్చి చూస్తే, సగటున 61 శాతం ఏఐ రాసినవని తప్పుగా చెప్పాయి. కారణం, నేర్చుకున్న భాషలో రాసేవాళ్లు తెలిసిన కొద్ది మాటలతో, ఊహించదగిన వరసలో రాస్తారు. బెంగళూరులో పుట్టి కన్నడం, ఇంగ్లీషు చదివి, తెలుగు ఇంట్లో మాట్లాడుకున్నదే తప్ప బడిలో చదవని పిల్లలది సరిగ్గా ఇదే పరిస్థితి. పాతికేళ్ల అమ్మాయి పుస్తకాల తెలుగులో జాగ్రత్తగా, బిగుసుకుపోయి రాసిందంటే ఆ బిగువు భయం వల్ల కూడా రావచ్చు. అలాంటి అమ్మాయిని నిలదీస్తే వచ్చే ఏడాది నుంచి తెలుగులో రాయదు. అనుమానం తీరాలంటే ఆమె పాత వాట్సాప్ మెసేజ్ ఒకటి పక్కన పెట్టి చూడండి. మాట్లాడే తీరూ రాసే తీరూ కొంత వేరే ఉంటాయి, నిజమే. కానీ మెసేజ్‌లో ‘వెళ్లి’, ‘అడిగితే’ అని గొలుసులల్లే మనిషి వ్యాసంలో ఒక్క గొలుసూ అల్లకపోతే మాత్రం ఆలోచించాలి.

ఫోన్‌లో అడగాల్సినవి సంగతుల ప్రశ్నలు. వేపపువ్వు ఎక్కడ దొరికింది? పచ్చడి గట్టిగా చేస్తారా, నీళ్లగా చేస్తారా? కన్నడవాళ్ల బేవు బెల్ల మీ ఇంటికి వస్తుందా? సొంతంగా రాసినవాళ్లు వ్యాసంలో లేనివి పది చెబుతారు, మీరే ఆపాల్సి వస్తుంది. రాయించుకున్నవాళ్లు కూడా, తమాషా ఏమిటంటే, చెబుతారు. ఎందుకంటే పచ్చడి చేసేది వాళ్లే, రాయడానికే జంకారు. ఆ జవాబులు చెప్పినవి చెప్పినట్టు రాసుకుంటే ఇలా ఉంటుంది.

> ఉగాది పొద్దున్నే పక్క ఫ్లాటువాళ్లు బేవు బెల్ల తెచ్చిస్తారు. వాళ్లది వేపా బెల్లమే, చిటికెడు చాలు. మాది గిన్నెడు. చింతపండు పులుసులో బెల్లం కరిగించి, మామిడి ముక్కలు సన్నగా తరిగి వేస్తే తాగేట్టు ఉండాలి, మా అత్తగారి లెక్క అది. మా అమ్మ గట్టిగా చేసేది. కారానికి ఆవిడ మిరియాలు వేస్తే మేం పచ్చిమిర్చి వేస్తాం. వేపపువ్వు మాత్రం అపార్ట్‌మెంటు వెనక చెట్టుదే, సెక్యూరిటీ అతన్ని బతిమాలి కోయించుకోవాలి.

శీర్షిక లేదు, జాబితా లేదు, ప్రతీకలు లేవు. ఇక్కడ ‘డల్లాస్’ పెట్టి చూడండి, కుదరదు. ‘మాత్రం’ ఒక్కటే అతుకు మాట, కొట్టేస్తే వాక్యం కుంటుతుంది. రుచులు ఆరూ ఉన్నాయా అని లెక్కపెడితే ఉప్పు మర్చిపోయారు. ఫోన్‌లో అడిగి చేర్చండి, లేదా అలాగే వదిలేయండి, పచ్చడిలో ఉప్పు వేయకుండా ఎవరూ ఉండరు.

దిద్దిన పాఠాన్ని డీటీపీకి ఇచ్చేముందు ** గుర్తుల కోసం మరోసారి వెతకండి. పేజీలు కట్టేవాళ్లు వాటిని అలంకారమనుకుని అలాగే ఉంచేస్తారు. మీ అంటుడు మాటల పట్టిక మీద మాత్రం తేదీ వేసి పెట్టుకోండి. ‘డెల్వ్’ గురించి గోల లేచాక ఇంగ్లీషులో ఆ మాట వాడకం తగ్గింది, దాని చోట వేరేవి వచ్చాయి. తెలుగులో ‘కీలక పాత్ర’ కూడా అలాగే తెర దిగవచ్చు. వచ్చే ఉగాదికి వచ్చిన వ్యాసాల్లో మొదటి అయిదూ చదివాక పట్టిక కొత్తగా రాసుకోండి.